మూత్రంలో మంట: ‘వేడి’ అని ఎన్నాళ్ళు ఊరుకోవచ్చు?

ప్రశ్న: నా వయసు 36. ప్రభుత్వ పాఠశాలలో టీచరును. నాలుగు రోజులుగా మూత్రానికి వెళ్తే మంట, పొత్తికడుపులో బరువుగా నొప్పి. వెళ్ళివచ్చిన పది నిమిషాలకే మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది, వెళ్తే నాలుగు చుక్కలు. ఎండలకు వేడి చేసిందని మా అత్తగారు బార్లీ నీళ్ళు, ధనియాల నీళ్ళు ఇస్తున్నారు. మందుల షాపులో ఇచ్చిన సిరప్ తాగితే మంట కొంత తగ్గింది. ఇంట్లో మిగిలి ఉన్న నార్‌ఫ్లాక్సాసిన్ బిళ్ళలు రెండు వేసుకున్నాను. నిన్న రాత్రి మాత్రం చలి, వణుకు వచ్చాయి. పారాసెటమాల్ వేసుకుంటే తగ్గింది. కుడివైపు నడుము పైన లాగుతున్నట్టు ఉంది. ఇన్ఫెక్షన్ కిడ్నీలకు ఎక్కుతోందని ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: మీ ఉత్తరమంతా మంట గురించే ఉంది. వణుకు గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాకు మాత్రం ఆ ఒక్క వాక్యం చదవగానే మిగతా ఉత్తరం పక్కకు పోయింది. మెయిల్‌లో వచ్చింది కాబట్టి సరిపోయింది, పోస్టులో వచ్చి ఉంటే ఈపాటికి మీరు ఏ స్థితిలో ఉండేవారో. అందుకే శీర్షిక కోసం ఆగకుండా ఆ రోజే మీ నంబరుకు ఫోన్ చేసి, సాయంత్రం దాకా కూడా చూడకుండా ఆసుపత్రికి వెళ్ళమన్నాను. మీరు వెళ్ళారు. తర్వాత రిపోర్టులు పంపి, ఊరు పేరు లేకుండా రాసుకోవచ్చన్నారు. కాబట్టి ఇప్పుడు రాస్తున్నది మీకు జరిగినదాన్ని తిరిగి చూసుకోవడానికి, మీలాగే నాలుగో రోజున బార్లీ నీళ్ళు కాచుకుంటున్న మరికొందరి కోసం.

ముందు మీ అత్తగారి వైపు నుంచి మొదలుపెడతాను. ‘వేడి చేసింది’ అన్నమాట పూర్తిగా తప్పేమీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో చెమటగా పోయినంత నీరు మనం తాగం. అప్పుడు కిడ్నీలు ఉన్న నీటినే పొదుపు చేసుకుని చిక్కటి మూత్రాన్ని వదులుతాయి. అది ముదురు పసుపు రంగులో ఉండి, వెళ్ళేటప్పుడు చురుక్కుమంటుంది. అలాంటి మంటకు బార్లీ నీళ్ళు, మజ్జిగ, సబ్జా, కొబ్బరి బొండాం అన్నీ పనిచేస్తాయి. నిజానికి పనిచేసేది వాటిలో ఉన్న నీరే. పొద్దున నుంచి బాగా తాగితే సాయంత్రానికి రంగు తేలిపోతుంది, మంట పోతుంది.

తేడా ఎక్కడుందంటే, వేడి చేసినవాళ్ళు మూత్రానికి తక్కువసార్లు వెళ్తారు. ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళు ఎక్కువసార్లు వెళ్తారు. ఒంట్లో నీరు లేనప్పుడు మూత్రమే తయారు కాదు, ఇక పదే పదే వెళ్ళాలని ఎందుకు అనిపిస్తుంది? మామూలుగా మూత్రాశయంలో ఓ పెద్ద గ్లాసుడు మూత్రం చేరాక గాని వెళ్ళాలన్న ఆలోచన రాదు. లోపలి పొర వాచి ఎర్రబడితే మాత్రం రెండు మూడు చెంచాలు చేరగానే ‘నిండిపోయింది’ అని కబురు పంపుతుంది. పరుగెత్తుకుని వెళ్తే నాలుగు చుక్కలు. చివరి చుక్క దగ్గర మూత్రాశయం ముడుచుకున్నప్పుడు పొత్తికడుపులో పిండినట్టు నొప్పి. మూత్రం మసకగా, ఒక్కోసారి ఘాటైన వాసనతో ఉంటుంది. కొందరికి లేత ఎరుపు కూడా కనిపిస్తుంది. అది చూసి కిడ్నీ పోయిందని బెంబేలు పడతారు గానీ, మూత్రాశయం పొర బాగా వాచినా రక్తం రావచ్చు. నొప్పీ మంటా లేకుండా రక్తం పడితే అది వేరే కథ. దాన్ని వయసు మీరినవాళ్ళు అసలు ఉపేక్షించకూడదు.

ఒక రోజంతా నీళ్ళు బాగా తాగినా మంట అలాగే ఉండి, సార్లు పెరుగుతుంటే అది వేడి కాదు. మీకు ఆ సంగతి రెండో రోజుకే తెలియవలసింది. ఇంకో మాట కూడా చూసుకోవాలి. మంట మూత్రం లోపల నుంచి వస్తున్నట్టు కాకుండా బయటి చర్మానికి తగిలినప్పుడు మండి, దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట ఉంటే అది ఎక్కువగా ఫంగస్ వల్ల వస్తుంది. దానికి యాంటీబయాటిక్ వాడితే ఇంకా పెరుగుతుంది.

ఇక మందుల షాపు సిరప్. ఎర్రగా, తియ్యగా ఉండే ఆ సీసా మన ఊళ్ళలో ప్రతి రెండో ఇంట్లో ఉంటుంది. అందులో ఉండేది సిట్రేట్ లవణం. అది మూత్రంలో పులుపును, అంటే ఆమ్లాన్ని తగ్గిస్తుంది. అందువల్ల వాచిన పొర మీద మూత్రం పడినప్పుడు మంట తక్కువగా తెలుస్తుంది. బ్యాక్టీరియాను అది చంపదు. మీకు మంట తగ్గినట్టు అనిపించిన రెండు రోజులూ లోపల క్రిములు వాటి పని అవి చేసుకుంటూనే ఉన్నాయి. పైగా మూత్రాశయం ఇన్ఫెక్షన్‌కు ఎక్కువగా రాసే నైట్రోఫ్యురాంటాయిన్ అనే మందు పుల్లటి మూత్రంలోనే బాగా పనిచేస్తుంది. ఆ మందు వాడుతూ ఈ సిరప్ కూడా తాగితే, ఒక చేత్తో వేసి ఇంకో చేత్తో తీసేసినట్టే. రెండూ ఒకే చీటీ మీద రాసి ఉండటం నేను చాలాసార్లు చూశాను.

మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. ఆడవాళ్ళలో మూత్రం బయటికి వచ్చే దారి పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. మగవాళ్ళలో 20 దాకా ఉంటుంది. మనందరి పేగుల్లోనూ ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఉంటుంది. అక్కడ ఉన్నంతకాలం అది కాపురం చేసుకునే అద్దెదారు లాంటిది, ఏ గొడవా లేదు. మలద్వారం దగ్గర నుంచి ఆ 4 సెంటీమీటర్లు ఎక్కి మూత్రాశయం చేరితే గొడవ మొదలవుతుంది. మామూలుగా మనం మూత్రం పోసిన ప్రతిసారీ ఆ ప్రవాహం వాటిని కడిగేస్తుంది. మీలా పొద్దున ఏడున్నరకు బడికి వెళ్ళి, అక్కడి బాత్రూం గుర్తొచ్చి నీళ్ళు తాగడం మానేసి, ఇంటికొచ్చేదాకా బిగబట్టుకునేవారికి ఆ కడిగే పని ఆగిపోతుంది.

మూత్రాశయం నుంచి కిడ్నీ దాకా మరో గొట్టం ఉంది. జానెడుకు పైనే, 25 నుంచి 30 సెంటీమీటర్లు. ఇది ఖాళీ పైపు కాదు. దాని గోడ కండరం అలలు అలలుగా ముడుచుకుంటూ మూత్రాన్ని ఎప్పుడూ కిందికే నెడుతుంది. మూత్రాశయంలోకి దిగే చోట ఏటవాలుగా గోడలోంచి వెళ్తుంది కాబట్టి, మూత్రాశయం నిండినప్పుడు ఆ నోరు దానంతట అదే మూసుకుంటుంది. ఇన్ని కాపలాలు ఉన్నాయి గనుకనే చాలామందికి ఇన్ఫెక్షన్ కింది అంతస్తులోనే ఆగిపోతుంది. కొన్ని రకాల ఈ.కోలైకి మాత్రం ఒంటి నిండా సన్నటి కొక్కేల లాంటివి ఉంటాయి. వాటితో గోడను పట్టుకుని ప్రవాహానికి ఎదురెక్కుతాయి. అవి వదిలే విషపదార్థాలు గొట్టం అలలను కూడా మందగింపజేస్తాయి. గొట్టంలో రాయి అడ్డుపడినా, గర్భం వల్ల గొట్టం వదులైనా, షుగర్ అదుపు తప్పి ఒంటి కాపలా బలహీనపడినా వాటి దారి ఇంకా సులువవుతుంది.

పైకి చేరిందని ఒళ్ళే చెబుతుంది. మూత్రాశయంలో ఉన్నంతసేపు బాధంతా పొత్తికడుపులోనే ఉంటుంది, మనిషి చిరాకుగా ఉన్నా లేచి తిరుగుతుంది. జ్వరం రాదు, వచ్చినా వెచ్చబడినట్టు ఉంటుంది అంతే. కిడ్నీలో రక్తప్రవాహం చాలా ఎక్కువ. ఇన్ఫెక్షన్ అక్కడికి చేరగానే ఒళ్ళంతా దానికి స్పందిస్తుంది. జ్వరం 100.4 డిగ్రీలు దాటుతుంది. దుప్పటి కప్పినా ఆగని వణుకు, పళ్ళు టకటకలాడే చలి వస్తాయి. డొక్కలో ఒక పక్క నొప్పి, వికారం, వాంతులు, మంచం దిగలేని నీరసం. ఒక్కోసారి ఈ దశలో మూత్రం మంట తగ్గిపోయి కూడా ఉంటుంది. కొందరికి ముందు అసలు మంటే రాదు, నేరుగా జ్వరంతోనే మొదలవుతుంది. అందుకే ‘మంట తగ్గింది కదా’ అన్నది ధైర్యం చెప్పుకోవడానికి పనికిరాదు.

జ్వరం విషయంలో చాలామంది చేసేదే మీరూ చేశారు. పారాసెటమాల్ నాలుగు నుంచి ఆరు గంటల పాటు జ్వరాన్ని దించుతుంది, ఇన్ఫెక్షన్‌ను దించదు. వేసుకోవడం తప్పు కాదు, కాని బిళ్ళ వేసుకునే ముందు థర్మామీటర్ పెట్టి చూసి, టైముతో సహా ఒక కాగితం మీద రాసుకోవాలి. బిళ్ళ పని అయిపోయిన తర్వాత జ్వరం మళ్ళీ ఎక్కిందా లేదా అన్నదే డాక్టరుకు కావలసిన సమాచారం. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు మాత్రం ఈ సమయంలో వద్దు. ఒంట్లో నీరు తక్కువగా ఉండి, కిడ్నీ వాచి ఉన్నప్పుడు అవి దానికి చేరే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి.

నడుము నొప్పికీ కిడ్నీ నొప్పికీ తేడా అడిగారు ఫోన్‌లో. కిడ్నీలు మనం చెయ్యి పెట్టుకుని నిలబడే నడుము దగ్గర ఉండవు, అంతకన్నా పైన ఉంటాయి. వీపు వైపు చివరి పక్కటెముక వెన్నెముకను కలిసే మూల దగ్గర. మీరు ‘నడుము పైన’ అని రాసిన చోటు సరిగ్గా అదే. కండరం నొప్పి వంగితే, తిరిగితే, బకెట్ ఎత్తితే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. కిడ్నీ వాపు నొప్పి ఎలా పడుకున్నా అక్కడే, లోతుగా, ఒక పక్కనే ఉంటుంది. రాయి నొప్పి మరో రకం. అలలు అలలుగా వచ్చి గజ్జల వైపు దిగుతుంది, మనిషిని ఒకచోట కూర్చోనివ్వదు. ఆసుపత్రిలో మీ వీపు మీద డాక్టరు అరచెయ్యి పెట్టి, దాని మీద పిడికిలితో మెల్లగా తట్టారని, ఎడమవైపు ఏమీ అనిపించలేదని, కుడివైపు తట్టగానే ‘అమ్మో’ అని ఎగిరిపడ్డానని చెప్పారు. రక్తపరీక్షల కన్నా ముందే రోగం ఎక్కడుందో ఆ ఒక్క తట్టు చెప్పేసింది.

అప్పటికి మీకు జ్వరం 102.4, గుండె నిమిషానికి 112 సార్లు కొట్టుకుంటోంది. బీపీ బాగానే ఉంది. వెంటనే సూది వేయకుండా ముందు మూత్రం పట్టించారు, ‘ఇంత జ్వరంలో పరీక్షలేమిటి’ అని మీవాళ్ళు కొంచెం కోప్పడ్డారట. ఆ డాక్టరు చేసిందే సరైన పని. యాంటీబయాటిక్ ఒక్క మోతాదు పడినా, మూత్రంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షలో అది మొలవకపోవచ్చు. అప్పుడు ఏ మందుకు లొంగుతుందో తెలియక చీకట్లో బాణం వేయాల్సి వస్తుంది. మీరు ఇంట్లో వేసుకున్న ఆ రెండు బిళ్ళలు కూడా అదే పని చేసి ఉండేవి. మీ క్రిమి వాటికి లొంగని రకం కావడం వల్ల బతికి బయటపడి కల్చర్‌లో మొలిచింది. దీన్ని అదృష్టమనాలో దురదృష్టమనాలో నాకు తెలియదు.

మూత్రం పట్టే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం తప్పు రిపోర్టులు అక్కడే పుడతాయి. ల్యాబ్ ఇచ్చే మూత ఉన్న శుభ్రమైన డబ్బాలోనే పట్టాలి. ఇంట్లో కడిగిన మందు సీసా, పచ్చడి సీసా పనికిరావు. ముందు నుంచి వెనక్కి నీళ్ళతో కడుక్కుని, తొలి ధారను వదిలేసి, మధ్య ధారను మాత్రమే డబ్బాలో పట్టి, చివరిది మళ్ళీ వదిలేయాలి. పట్టేటప్పుడు బయటి చర్మపు పెదవులను వేళ్ళతో విడదీసి ఉంచాలి. ఆ డబ్బా రెండు గంటల్లోపు ల్యాబ్ చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. పల్లె నుంచి ఎండలో రెండు బస్సులు మారి చేరిన డబ్బాలో, దారిలో పెరిగిన క్రిములే ఎక్కువగా ఉంటాయి. రిపోర్టులో ‘ఎపిథీలియల్ సెల్స్’, అంటే పై పొర నుంచి రాలిన కణాలు, చాలా ఉన్నాయని, లేదా మూడు నాలుగు రకాల క్రిములు కలగలిసి మొలిచాయని రాస్తే మందు మొదలుపెట్టే ముందు మరోసారి పట్టివ్వడం మంచిది.

మీ రిపోర్టులో పస్ సెల్స్, అంటే చీము కణాలు, 40-50. ఐదు లోపు ఉండాలి. నైట్రైట్ పాజిటివ్, అంటే ఈ.కోలై లాంటి క్రిములు ఉన్నాయన్నదానికి గుర్తు. నైట్రైట్ నెగటివ్ వచ్చినంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని కాదు, పదే పదే వెళ్ళేవాళ్ళలో మూత్రం లోపల తగినంతసేపు నిలవదు కాబట్టి అది పట్టుబడకపోవచ్చు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.0, షుగర్ మామూలే. స్కానింగులో కుడి కిడ్నీ కొంచెం వాచింది, రాయి లేదు, ‘హైడ్రోనెఫ్రోసిస్’ లేదు. ఆ పొడవాటి మాటను గుర్తుపెట్టుకోండి. మూత్రం కిందికి దిగక కిడ్నీ ఉబ్బిందని దాని అర్థం. జ్వరంతో పాటు రిపోర్టులో ఆ మాట ఉంటే పరిస్థితి మరోలా ఉంటుంది.

ఎలా ఉంటుందో చెప్పడానికి కొన్నేళ్ళ క్రితం నేను చూసిన ఒకావిడ సంగతి రాస్తాను. యాభై దాటిన మనిషి, మిషన్ కుట్టుకునేవారు, షుగర్ ఉంది. మే నెలలో వారం రోజులు మంటను వేడి అనుకుని, తర్వాత వచ్చిన చలి జ్వరాన్ని మలేరియా అనుకున్నారు. మలేరియా పరీక్ష చేయించి, రాలేదని ఊరట చెందారు కూడా. నా దగ్గరికి వచ్చేసరికి బీపీ పడిపోతోంది, మాట తడబడుతోంది. స్కానింగులో ఎడమ గొట్టంలో రాయి, దాని పైన ఉబ్బిన కిడ్నీ. అడ్డు వెనుక నిలిచిన మూత్రం చీముగా మారితే ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ ఎక్కించినా అక్కడికి సరిగ్గా చేరదు. మురుగు తూము మూసుకుపోయినప్పుడు పైన ఫినాయిల్ పోసి ఏం లాభం? ఆ రాత్రే యూరాలజిస్టు దగ్గరికి పంపితే, కింది నుంచి సన్నటి గొట్టం, స్టెంట్ అంటారు, రాయిని దాటించి పైకి పెట్టి ఆ చీమును దించారు. మర్నాటి పొద్దుటికి ఆవిడ మాట తేరుకుంది. రాయిని ఆ రోజు ముట్టుకోలేదు, జ్వరం పూర్తిగా పోయాక కొన్ని వారాలకు తీశారు. ‘రాయి ఉందన్నారు, తీయకుండా పంపారేమిటి’ అని వాళ్ళబ్బాయి నాతో పోట్లాడాడు. చీము ఉండగా రాయిని పగలగొడితే క్రిములు రక్తంలోకి చిమ్ముతాయని అతనికి నచ్చజెప్పేసరికి నాకు అరగంట పట్టింది.

మీకు అడ్డు లేదు, బీపీ నిలకడగా ఉంది, కాని వాంతి అయింది. నోటి బిళ్ళ నిలవదు కాబట్టి ఆసుపత్రిలో ఉంచి సెలైన్, రోజుకొక సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఇచ్చారు. రెండో రోజు సాయంత్రం కూడా జ్వరం 101 ఉందని మీ ఆయన కంగారుగా ఫోన్ చేశారు. కిడ్నీ ఇన్ఫెక్షన్‌లో సరైన మందు పడినా జ్వరం దిగడానికి 48 నుంచి 72 గంటలు పడుతుంది. చూడవలసింది మొదటి రోజు కన్నా రెండో రోజు శిఖరం తగ్గిందా, వణుకు ఆగిందా, రెండు ముద్దలు తినగలుగుతున్నారా అని. 72 గంటలు దాటినా జ్వరం అలాగే ఉంటే అప్పుడు మళ్ళీ స్కాన్ చేసి, చీముగడ్డ కట్టిందా, క్రిమి మందుకు లొంగడం లేదా అని వెతుకుతారు. మీకు మూడో రోజు మధ్యాహ్నం చెమటలు పట్టి దిగిపోయింది.

అదే రోజు కల్చర్ వచ్చింది. ఈ.కోలై, మిల్లీలీటరుకు లక్షకు పైగా. నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ రెండింటి పక్కనా ‘ఆర్’, అంటే లొంగదు. మన దేశంలో ఈ రకం మందులను విరేచనాలకు, జ్వరాలకు, దేనికి పడితే దానికి వాడేసిన ఫలితం ఇది. సెఫ్ట్రియాక్సోన్, కోట్రైమాక్సజోల్, నైట్రోఫ్యురాంటాయిన్ పక్కన ‘ఎస్’, అంటే లొంగుతుంది. ఇక్కడే మీరు మంచి ప్రశ్న వేశారు. ‘నైట్రోఫ్యురాంటాయిన్ పక్కన ఎస్ ఉంది, చవక మందు, నెట్‌లో చూస్తే మూత్రం ఇన్ఫెక్షన్‌కు మొదటి మందు అదే అని ఉంది. నాకు కోట్రైమాక్సజోల్ ఎందుకు రాశారు?’

ల్యాబ్‌లో క్రిమిని, మందును ఒకే గాజు పళ్ళెంలో కలిపి చూస్తారు. మీ ఒంట్లో మందు క్రిమి ఉన్న చోటికి నడిచి వెళ్ళాలి. నైట్రోఫ్యురాంటాయిన్ మింగగానే రక్తంలో ఎక్కువసేపు నిలవకుండా మూత్రంలోకి వెళ్ళిపోయి మూత్రాశయంలో పోగవుతుంది. అందుకే మూత్రాశయం ఇన్ఫెక్షన్‌కు అది చక్కటి మందు, మామూలుగా 100 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకు రెండు, అన్నం తిన్నాక, 5 రోజులు వాడిస్తారు. మూత్రం ముదురు రంగుకు తిరిగితే భయపడనక్కరలేదు. కిడ్నీ కండలోకి మాత్రం అది చాలినంత చేరదు. నీళ్ళలో కలుపుకుని ఒక్కసారే తాగే ఫాస్ఫోమైసిన్ పొట్లం కూడా అంతే. కిడ్నీకి ఎక్కిన ఇన్ఫెక్షన్‌కు ఈ రెంటిలో ఏది ఇచ్చినా మంట తగ్గుతుంది, మూత్రం తేటపడుతుంది, పైన మాత్రం రాజుకుంటూనే ఉంటుంది. మీరు మొదటి లేదా రెండో రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంటే 5 రోజుల ఈ బిళ్ళలతో తేలిపోయేది. వణుకు వచ్చిన తర్వాత ఆ అవకాశం చెయ్యి దాటింది. కోట్రైమాక్సజోల్ కిడ్నీ కండలోకి చేరుతుంది. సల్ఫా మందులు పడనివారికి అది ఇవ్వకూడదు, మీకు ఆ ఇబ్బంది లేదని అడిగి తెలుసుకున్నాకే రాశారు. ఇంజెక్షన్లతో కలిపి మొత్తం 10 రోజులు. నాలుగో రోజుకే హాయిగా అనిపించినా మధ్యలో ఆపకండి.

‘అసలు మందు లేకుండా తగ్గదా’ అని అడిగేవాళ్ళు ఉంటారు. మూత్రాశయం వరకే ఉన్న ఇన్ఫెక్షన్ చాలామందిలో తగ్గుతుంది. జర్మనీలో ఈ బాధ ఉన్న ఆడవాళ్ళను రెండు గుంపులు చేసి, ఒకరికి యాంటీబయాటిక్, మరొకరికి నొప్పి తగ్గించే ఐబుప్రోఫెన్ మాత్రమే ఇచ్చి చూశారు. 2015లో ఆ ఫలితాలు వచ్చాయి. రెండో గుంపులో సుమారు మూడింట రెండు వంతుల మంది యాంటీబయాటిక్ లేకుండానే కోలుకున్నారు. అయితే బాధ ఎక్కువ రోజులు ఉంది, కిడ్నీకి ఎక్కినవాళ్ళు కూడా ఆ గుంపులోనే ఎక్కువ. అంటే మీ అత్తగారి ధనియాల నీళ్ళతో తగ్గినవాళ్ళు ఆవిడ ఎరిగినవాళ్ళలో నిజంగానే ఉండి ఉంటారు. తగ్గనివాళ్ళెవరో ముందుగా చెప్పడానికే మన దగ్గర దారి లేదు.

ఈ ఎదురుచూపులకు అసలు అర్హత లేనివాళ్ళు కొందరున్నారు. గర్భిణులు ఏ నెలలో ఉన్నా, మంట కొంచెమే ఉన్నా ఆ రోజే చూపించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్ళు, ఒకే కిడ్నీ ఉన్నవాళ్ళు, ఇంతకుముందు రాళ్ళు వచ్చినవాళ్ళు, మగవాళ్ళు, చిన్నపిల్లలు కూడా అంతే. ముసలివాళ్ళలో జ్వరం రాకుండానే మనిషి మత్తుగా అయిపోవడం, ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడటం జరుగుతుంది. మూత్రం ఆరేడు గంటలుగా అసలు రాకపోయినా, నీళ్ళు కూడా వాంతి అవుతున్నా, చేతులూ కాళ్ళూ చల్లబడి ఆయాసం వస్తున్నా అది రాత్రి రెండు గంటలైనా సరే, తెల్లారేదాకా ఆగకూడదు.

‘కిడ్నీ ఇన్ఫెక్షన్ అన్నారు కదా, రేపు డయాలసిస్ దాకా వెళ్తుందా, ఉద్దానంలో అందరికీ ఇలాగే మొదలైందా’ అని మీ చెల్లెలు ఏడ్చారట. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఉన్నది వేరే జబ్బు. అది మంట, జ్వరం లేకుండా ఏళ్ళ తరబడి చాపకింద నీరులా కిడ్నీలను దెబ్బతీస్తుంది, దాని కారణం ఇంకా చర్చలోనే ఉంది. మీది క్రిమి వల్ల నాలుగు రోజుల్లో వచ్చింది, దానికి మందుంది. మిగతా ఏ లోపమూ లేని పెద్దవాళ్ళలో ఒకసారి వచ్చి, సరిగ్గా వైద్యం జరిగిన ఇన్ఫెక్షన్ కిడ్నీని శాశ్వతంగా పాడుచేయడం అరుదు. మందులయ్యాక ఏ బాధా లేకపోతే ‘ఒకసారి చూసుకుందాం’ అని మళ్ళీ కల్చర్ చేయించనక్కరలేదు. రెండు వారాల లోపే మంట తిరిగి వస్తే మాత్రం మందు కొనేముందు మూత్రం ఇవ్వాలి.

ఇక బడి, నీళ్ళు. తరచుగా మూత్రాశయం ఇన్ఫెక్షన్లు వచ్చే, నీళ్ళు తక్కువ తాగే 140 మంది ఆడవాళ్ళ మీద జరిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. సగం మందిని వాళ్ళు తాగేదానికి మరో లీటరున్నర అదనంగా తాగమన్నారు. ఏడాదిలో వాళ్ళకు ఇన్ఫెక్షన్లు మిగతావాళ్ళకన్నా దాదాపు సగానికి తగ్గాయి. మీరు బాత్రూం బాగా లేదని నీళ్ళు మానేశారు. ఒంటిపూట బడి కదా అని సర్దుకుపోయారు గానీ, పొద్దున ఏడున్నర నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా అంటే ఐదున్నర గంటలు. బడికి బయల్దేరే ముందు అరలీటరు తాగి, విరామంలో తప్పకుండా వెళ్ళండి. ఆడపిల్లలు చదివే బడి అంటున్నారు, వాళ్ళూ మీలాగే బిగబట్టుకుంటూ ఉంటారు. బాత్రూముకు నీటి వసతి, గొళ్ళెం కావాలని మీరు పెట్టే అర్జీలో ఈ సంగతి కూడా రాయండి.

చివరగా మీరు ఫోన్ పెట్టేసే ముందు అడిగింది. మీ అత్తగారు రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేస్తున్నారని, మిగిలిన నార్‌ఫ్లాక్సాసిన్ ఆవిడకు ఇవ్వవచ్చా అని. ఇవ్వకండి. ఆవిడకు మంట లేదు, జ్వరం లేదు, వెళ్ళినప్పుడల్లా మూత్రం ధారాళంగా వస్తోందన్నారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి అలా ఉంటే ముందు చూడవలసింది షుగర్. రేపు పొద్దున ఏమీ తినకముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు మరోసారి రక్తం ఇప్పించండి. ఆ నార్‌ఫ్లాక్సాసిన్ అట్ట మీద తేదీ చూశారా? నాకు పంపిన ఫోటోలో అది దాటిపోయి ఏడాదైంది.